డబ్బు అడిగేది అతను కాదు, మూడో మనిషి

ప్రశ్న: మా అక్కకు 41 ఏళ్లు. విడాకులై ఎనిమిదేళ్లయింది, విజయవాడలో ఒక కాలేజీలో లెక్చరర్‌గా పనిచేస్తోంది. ఏడు వారాల కిందట పెళ్లిసంబంధాల సైట్‌లో లండన్‌లో సర్జన్‌నని చెప్పే ఒకాయన పరిచయమయ్యాడు. ఇప్పటివరకు పైసా అడగలేదు. పోయిన వారం కానుకలు పంపుతున్నానని ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు తీసుకున్నాడు. నాకు అనుమానంగా ఉంది. "డబ్బే అడగనివాడు మోసగాడెలా అవుతాడు?" అని అక్క అంటోంది. ఏం చూసి తేల్చుకోవాలి?

సమాధానం:

మీ అక్కగారు అడిగిన మాట సహేతుకమైనదే కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. ఈ రకం మోసంలో ప్రేమగా మాట్లాడే మనిషి చాలా సందర్భాల్లో చివరిదాకా తన నోటితో డబ్బు అడగడు. అడిగేది మూడో మనిషి. కస్టమ్స్ అధికారిననో, కొరియర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాననో చెప్పుకునే ఆ మూడో మనిషి మీ అక్కగారికి ఫోన్ చేసే సమయానికి, ఇవతల ఈయన మీద ఏర్పడిన నమ్మకం చెక్కుచెదరకుండా ఉండాలన్నదే ఈ ఏర్పాటంతటి ఉద్దేశం. కనుక "డబ్బు అడిగితే అప్పుడు ఆలోచిద్దాం" అని కూర్చుంటే, చూడవలసిన చోటు వదిలి వేరే చోట చూస్తున్నట్టవుతుంది. అడ్రసు, ఫోన్ నంబరు తీసుకోవడంతో ఆ మూడో మనిషికి దారి సిద్ధమైందనే నేను అనుకుంటున్నాను.

నేను ఇరవయ్యారేళ్లు బ్యాంకులో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు బ్రాంచి మేనేజరుగా ఉండి రిటైరయ్యాను. ఇటువంటి వ్యవహారాలు డబ్బు పంపడానికి మనిషి కౌంటరు దగ్గరికి వచ్చిన క్షణంలోనే మాకు కనబడేవి, అప్పటికి ఆలస్యం అయిపోయి ఉండేది. వాటిలో ఒకటి, మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చి, మీకు పూర్తిగా చెబుతాను. మీ అక్కగారి సంగతికి అది చాలా దగ్గరగా ఉంది.

మా బ్రాంచిలోనే జీతం ఖాతా ఉన్న ఒక టీచరుగారు, భర్త పోయి ఆరేళ్లయినావిడ, ఒక శుక్రవారం పదకొండున్నరకు వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి లక్షా ముప్ఫై ఎనిమిది వేలు వెంటనే పంపాలన్నారు. గడువుకు ఇంకా నాలుగు నెలలే ఉన్న డిపాజిట్ ఎందుకు రద్దు చేస్తున్నారని అడిగితే, బంధువుల ఆసుపత్రి ఖర్చు అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ నా ముఖం చూడలేదు. ఫారంలో డబ్బు చేరవలసిన వ్యక్తి పేరు మన వైపు పేరు కాదు. ఐఎఫ్‌ఎస్‌సి కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకును, చివరి ఆరు బ్రాంచిని చెబుతాయి, దాన్ని వెతికితే ఈశాన్య రాష్ట్రాల్లోని ఒక చిన్న పట్టణం వచ్చింది. అక్కడ మీ బంధువులెవరమ్మా అని అడిగాక ఆవిడ ఫోన్ తీసి నా ముందు పెట్టారు.

ఆ ఫోన్‌లో, పెళ్లిసంబంధాల సైట్‌లో పరిచయమై లండన్‌లో డాక్టరునని చెప్పుకున్న ఒకాయన పంపిన ఫొటో ఉంది, తెరిచిన సూట్‌కేసుది. అందులో నగల పెట్టె, కొత్త ఫోన్, చేతి గడియారం, వాటి పక్కన పౌండ్ల నోట్ల కట్టలు ఉన్నాయి. ఒక కొరియర్ సంస్థ రసీదు కూడా ఉంది. ఆ సంస్థ సైట్‌లో నంబరు కొడితే పార్సిల్ లండన్‌లో బయలుదేరి ఢిల్లీ చేరినట్టు తేదీలతో సహా చూపిస్తోంది. అంత నమ్మకంగా కనబడిన ఆ సైట్ కూడా వాళ్లు తయారుచేసుకున్నదే. బుధవారం నాడు ఢిల్లీ ఎయిర్‌పోర్టు కస్టమ్స్ నుంచి అంటూ ఒక మహిళ ఫోన్ చేసి 42,500 రూపాయల సుంకం కట్టమంటే, ఈవిడ ఫోన్‌లోనే కట్టేశారు. గురువారం మళ్లీ ఫోన్ వచ్చింది. స్కానింగ్‌లో పార్సిల్‌లో విదేశీ నగదు కనబడిందని, మనీ లాండరింగ్ కేసు కాకుండా ఉండాలంటే ఒక సర్టిఫికెట్ తీసుకోవాలని, దానికి 1,38,000 అవుతుందని చెప్పారు.

నేను ఒకే ఒక్క ప్రశ్న అడగమన్నాను: "ఇది ప్రభుత్వానికి కట్టే సుంకమైతే ఒక వ్యక్తి సేవింగ్స్ ఖాతాకు ఎందుకు పంపాలి?" ఆవిడ నా ఎదుటే ఫోన్ చేసి అడిగారు. అది మా క్లియరింగ్ ఏజెంటు ఖాతా అని అవతల నుంచి సమాధానం వచ్చింది. అయితే డిన్ నంబరు, అంటే కస్టమ్స్ శాఖ తన ఉత్తరాల మీద వేసే గుర్తింపు సంఖ్య, ఉన్న నోటీసు పంపమని అడగమన్నాను. ఫోన్ కట్ అయింది. పది నిమిషాల్లో ఆ డాక్టరు లండన్ నంబరు నుంచి ఫోన్ చేసి, పంపినవాడిగా తన పేరే ఉందని, డబ్బు కట్టకపోతే తన ఉద్యోగం, లైసెన్సు అన్నీ పోతాయని ఏడ్చినంత పనిచేశాడు. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, అప్పటికి ఆ టీచరుగారికి కస్టమ్స్ మహిళ మీద పూర్తిగా అనుమానం వచ్చేసింది, అయినా ఈయన మీద రాలేదు. "పాపం, ఆయన్ను కూడా వాళ్లు మోసం చేస్తున్నారేమోనండీ" అన్నారు. ఆ రెండు గొంతులూ ఒకే గుంపువని అర్థం కావడానికి ఆవిడకు మరో రెండు రోజులు పట్టింది. డిపాజిట్ దక్కింది. 42,500లో తొమ్మిది వేల పైచిలుకు మాత్రమే మరో ఖాతాలో ఆగి ఉంది, మిగిలినది బుధవారం సాయంత్రానికే ఎవరో తీసేశారు.

ఈ మోసం ఇంత నమ్మకంగా ఎందుకు ఉంటుందంటే, అబద్ధం ఒక నిజం మీద నిలబడి ఉంటుంది. విదేశాల నుంచి కానుకగా వచ్చే వస్తువులకు 2019 డిసెంబరు నుంచి సుంకం మినహాయింపు లేదు, రాఖీలు, ప్రాణరక్షక మందులు మాత్రమే అందులోంచి బయట ఉన్నాయి. కాబట్టి కానుక మీద సుంకం పడుతుందన్న మాట నిజమే. అబద్ధమంతా దాన్ని కట్టే పద్ధతిలో ఉంది. పోస్టులో వచ్చిన పార్సిల్ అయితే సుంకం ఎంతో లెక్కకట్టి దాని మీదే నమోదు చేస్తారు, పోస్టాఫీసు వాళ్లు డెలివరీ చేసేటప్పుడు ఆ మొత్తం వసూలు చేసి రసీదు ఇస్తారు. కొరియర్‌లో వస్తే ఆ సంస్థ గ్రహీత గుర్తింపు పత్రాలు తీసుకుని, తానే సుంకం చెల్లించి, తన సంస్థ పేరు మీద బిల్లు వేస్తుంది. కస్టమ్స్ అధికారి గ్రహీతకు ఫోన్ చేసి ఫలానా ఖాతాకు పంపమని చెప్పడం ఈ రెండు పద్ధతుల్లో దేనిలోనూ లేదు. సుంకం వ్యక్తుల ఖాతాల్లోకి తీసుకోబోమని కస్టమ్స్ శాఖ స్వయంగా ఎన్నోసార్లు ప్రకటించింది. 2019 నవంబరు నుంచి ఆ శాఖ పంపే ఉత్తరాల మీద డిన్ వంటి గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది అసలైనదా కాదా అన్నది cbic.gov.in లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. పార్సిల్ అందుకునేవారు కొనుక్కోవలసిన మనీ లాండరింగ్ సర్టిఫికెట్ అనేది అసలు లేనే లేదు.

ఇదే కథకు మరో రూపం కూడా ఉంది. పార్సిల్ బదులు ఆయనే బయలుదేరి వస్తాడు, విమానం దిగాక ముంబైలోనో ఢిల్లీలోనో పెద్ద మొత్తం డీడీతో పట్టుబడ్డానని ఫోన్ చేయిస్తాడు. నిజానికి విదేశీ కరెన్సీ ఎంతైనా తెచ్చుకోవచ్చు. నోట్లు 5,000 డాలర్ల విలువ దాటినా, నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ కలిపి 10,000 డాలర్లు దాటినా, దిగినచోట ఒక ఫారంలో ప్రకటించాలి, అంతే. ప్రకటించడానికి రుసుము లేదు, విడిపించడానికి బయటివారు డబ్బు కట్టే పద్ధతీ లేదు.

ఇక మీరు అసలు అడిగిన విషయానికి, అంటే ఫోన్ రాకముందే ఏం చూసి తేల్చుకోవాలి అన్నదానికి వస్తాను. ఏడు వారాల సంభాషణ మీ అక్కగారి ఫోన్‌లోనే ఉంది కాబట్టి మొదటి వారం నుంచి నెమ్మదిగా చదవమని చెప్పండి. మీరు చదవవద్దు, ఆవిడే చదవాలి. మొదట చూడవలసినది, సైట్ నుంచి వాట్సాప్‌కు ఎన్ని రోజుల్లో మారారు, ఆ తర్వాత సైట్‌లో ఆయన ప్రొఫైల్ ఏమైంది అన్నది. టీచరుగారి విషయంలో అయిదో రోజుకే వాట్సాప్‌కు మారారు, రెండో వారంలో ప్రొఫైల్ మాయమైంది. "నువ్వు దొరికాక నాకు అక్కడేం పని, తీసేశాను" అన్నాడట. ఆవిడకు ఆ మాట ఎంతో నచ్చింది. నిజానికి ప్రొఫైల్ ఉన్నంతకాలం ఎవరైనా ఫిర్యాదు చేస్తే సైట్‌వాళ్లు దాన్ని తొలగించి, అతనితో మాట్లాడుతున్నవారిని హెచ్చరించే అవకాశం ఉంటుంది. తానే తీసేస్తే ఆ ముప్పు తగ్గుతుంది. కొన్నిసార్లు సైట్‌వాళ్లే తీసేసి ఉంటారు, దానికే ఈ అందమైన కారణం అల్లుతారు.

రెండోది, ఆయన ఏం అడిగాడు అన్నది. డబ్బు గురించి కాదు, డబ్బు చుట్టూ ఉన్న విషయాల గురించి. ఇల్లు సొంతమా, ఎవరితో ఉంటున్నావు, జీతం వ్యవహారాలు నువ్వే చూసుకుంటావా, అన్నదమ్ములు నీ విషయాల్లో కలగజేసుకుంటారా, బ్యాంకు పని ఫోన్‌లో చేసుకుంటావా లేక బ్రాంచికి వెళతావా వంటి ప్రశ్నలు శ్రద్ధగా కనిపించే మాటల మధ్య ఒక్కొక్కటిగా వచ్చి ఉంటాయి. పెళ్లి సంబంధంలో ఇటువంటివి అడగడం సహజమే కాబట్టి ఒక్కో ప్రశ్నను విడిగా చూస్తే తప్పు కనబడదు. అదే సమయంలో ఆవిడ అడిగిన ప్రశ్నలకు, అంటే తల్లిదండ్రులెవరు, ఇంటిపేరేమిటి, మన వైపు ఏ ఊరు, అక్కడ ఇప్పుడు ఎవరున్నారు అన్నవాటికి, ఎంత సమాచారం వచ్చిందో పక్కన పెట్టి చూడమనండి. చిన్నప్పుడే లండన్ వెళ్లిపోయాం, అమ్మానాన్నలు ప్రమాదంలో పోయారు, తెలుగు రాదు అన్న జవాబులు వచ్చి ఉంటే, మన సంబంధాల్లో ఎవరైనా మొదట చేసే వాకబు అక్కడితో ఆగిపోయేలా ఆ కథ కట్టారని అర్థం. ఈ విషయంలో నాకు బాధ కలిగించేది ఒకటుంది. మొదటి పెళ్లికైతే ఊరంతా విచారించే మనం, రెండో పెళ్లి అనేసరికి ఆడవాళ్లు ఇంట్లో చెప్పడానికే జంకే పరిస్థితి తెచ్చిపెట్టాం. వాకబు చేసే పెద్దలు లేని ఆ ఖాళీలోకే ఈ గుంపులు వస్తున్నాయి.

మూడోది రహస్యం. "పార్సిల్ వచ్చాక అందరినీ ఆశ్చర్యపరుద్దాం, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు" అన్న మాట ఉందేమో వెతకండి. పార్సిల్ ప్రస్తావనకు ముందూ వెనకా వారం రోజుల్లో ఆ మాట ఏదో ఒక రూపంలో ఉంటే, నా దృష్టిలో మిగిలిన ఆధారాలన్నిటికంటే అదే బలమైనది.

ఆయన చెప్పిన వృత్తిని సరిచూసుకోవడం కూడా కష్టమేమీ కాదు. బ్రిటన్‌లో వైద్యం చేసే ప్రతి డాక్టరు పేరూ అక్కడి మెడికల్ కౌన్సిల్ జాబితాలో ఉండాలి, gmc-uk.org లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. పేరు లేకపోతే సంగతి తేలిపోయినట్టే. పేరు ఉంటే మాత్రం తేలినట్టు కాదు, ఎందుకంటే నిజమైన డాక్టరు పేరూ ఫొటోలూ వాడుకోవడం మామూలే. అప్పుడు ఆసుపత్రి నంబరు ఆయన ఇచ్చినది కాకుండా మీరే ఆసుపత్రి సైట్‌లో చూసి, స్విచ్‌బోర్డుకు ఫోన్ చేసి ఆ డాక్టరుకు సందేశం ఇమ్మనండి. ఫోన్ నంబరు కూడా చూడండి. +44 తర్వాత 70 తో మొదలైతే అది బ్రిటన్ మొబైల్ నంబరు కాదు, కాల్‌ను మరెక్కడికైనా మళ్లించే నంబరు. అలా లేకపోయినా లండన్‌లో ఉన్నాడని రుజువు కాదు, ఆ దేశపు నంబరును ఇంకెక్కడి నుంచైనా వాడవచ్చు. వీడియో కాల్ చేశాడు కదా అని కూడా నమ్మవద్దు. ముందే రికార్డు చేసిన వీడియోను చూపించడం, వేరొకరి ముఖాన్ని తన ముఖం మీదికి తెచ్చుకోవడం ఇప్పుడు సాధ్యమే. నిమిషంన్నరలో నెట్‌వర్క్ బాగోలేదని ఆగిపోయే కాల్‌కు విలువ ఇవ్వకండి.

కొందరి విషయంలో పార్సిల్ కంటే ముందే ఒక చిన్న సాయం అడుగుతారు. రెండు వేల గిఫ్ట్ కార్డో, ఒక రీఛార్జో. అది ఎంత త్వరగా, ఎన్ని ప్రశ్నలు అడిగి చేస్తారో చూడటానికే. మరికొందరిని దీనికి తిరగేసిన సాయం అడుగుతారు, నేను అన్నిటికంటే భయపడేది దానికే. "ఇండియాలో నా స్నేహితుడు నాకు ఇవ్వవలసిన డబ్బు నీ ఖాతాలో వేస్తాడు, నేను చెప్పినచోటికి పంపించు, పదివేలు నువ్వే ఉంచుకో" అంటారు. డబ్బు వస్తోంది కదా, పోవడం లేదు కదా అని ఒప్పుకుంటారు. ఆ వచ్చేది మరో టీచరుగారి డిపాజిట్ డబ్బు. ఆవిడ ఫిర్యాదు చేసిన రోజున ఆ సొమ్ము నడిచిన ప్రతి ఖాతాకూ నోటీసు వెళుతుంది. జీతం పడే ఖాతా స్తంభించిపోతుంది, ఎక్కడో దూర రాష్ట్రపు పోలీసుల నుంచి ఫోన్ వస్తుంది, తాను కూడా మోసపోయినదాన్నే అని రుజువు చేసుకోవలసిన బాధ్యత ఆ ఖాతా ఉన్నావిడ మీదే పడుతుంది. మీ అక్కగారిని ఈ ఒక్క విషయం మాత్రం తప్పకుండా అడగండి: ఆవిడ ఖాతా వివరాలు, ఆధార్ లేదా పాన్ ఫొటో ఆయనకు ఇచ్చారా అని. ఇచ్చి ఉంటే ఈరోజే బ్యాంకుకు వెళ్లి చెప్పాలి, వివరం తెలియని జమ ఏది వచ్చినా తాకకుండా రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఇప్పటికే డబ్బు వెళ్లి ఉంటే గంటలు లెక్కలోకి వస్తాయి. వెంటనే 1930 కి ఫోన్ చేసి, లావాదేవీ యూటీఆర్ నంబరు, మొత్తం, సమయం, అవతలి ఖాతా వివరాలు చెప్పండి. వాళ్లిచ్చే నంబరు రాసుకుని cybercrime.gov.in లో ఫిర్యాదు పూర్తిచేసి, మీ బ్యాంకుకు కూడా ఆ నంబరు ఇవ్వండి. ఆ సొమ్ము ఇంకా ఏ ఖాతాలోనైనా మిగిలి ఉంటే అక్కడ ఆపుతారు. విత్‌డ్రా అయిపోయినదాన్ని ఎవరూ ఆపలేరు. అందుకే టీచరుగారి బుధవారం డబ్బులో శుక్రవారానికి అంత కొద్ది మాత్రమే మిగిలింది. చాట్‌లు, రసీదులు, నంబర్లు ఏవీ చెరిపివేయవద్దు, కోపంతో బ్లాక్ చేసేముందు అన్నీ స్క్రీన్‌షాట్లు తీయండి. పోయిన డబ్బు తెచ్చిపెడతామని కొన్నాళ్లకు ఫోన్ చేసే "లాయర్లు" కూడా మోసపోయినవారి నంబర్ల జాబితా చేతిలో ఉన్నవాళ్లే, వాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. వ్యక్తిగత ఫొటోలు బయటపెడతామని బెదిరిస్తే అదీ ఇదే పోర్టల్‌లో ఫిర్యాదు చేయవలసిన నేరమే. డబ్బు ఇస్తే బెదిరింపు ఆగదు, మొత్తం పెరుగుతుంది.

అక్కగారితో మాట్లాడేటప్పుడు "వాడు దొంగ" అని మొదలుపెట్టకండి. ఆ మాటతో మీరు ఒకవైపు, ఆయనా ఆవిడా మరోవైపు అవుతారు, ఆయన కోరుకునేదీ అదే. దానికి బదులు ఒక చిన్న సందేశం ఆవిడ చేతే పంపించండి: "మా ఇంట్లో అందరికీ మీ గురించి చెప్పాను, పార్సిల్ మీద ఏ ఖర్చూ నేను కట్టను, అవసరమైతే అది మీకే వెనక్కి వచ్చేలా చూసుకోండి, ఆదివారం మా తమ్ముడు మీతో మాట్లాడతాడు." నిజంగా సంబంధం కోరుకునే మనిషికి ఇందులో నొచ్చుకోవలసినదేమీ లేదు, పార్సిల్ వెనక్కి పోతే పోయిందంటాడు, ఆదివారం ఎన్ని గంటలకో అడుగుతాడు. మోసగాడైతే ఈ మూడింటిలో ఒక్కదానికైనా అడ్డం తిరుగుతాడు, ముఖ్యంగా ఇంట్లో చెప్పినందుకు అలుగుతాడు. "నా మీద నమ్మకం లేదా" అన్న జవాబు గంటలోపే వస్తుంది. ఆ జవాబు ఆవిడ తన కళ్లతో చదవాలి, మీరు అప్పుడు పక్కనే ఉండండి.